ఎనిమిది మార్కుల ప్రశ్న ఎక్కడ పెట్టాలి?

పరీక్ష హాలు నుంచి బయటికొచ్చిన పిల్లలు ‘జాగ్రఫీలోంచి ఏమీ రాలేదు’ అనో, ‘అంతా గైడులో ఉన్నదే వచ్చింది’ అనో అంటే, ఆ లోపం చాలాసార్లు ప్రశ్నల్లో ఉండదు. ప్రశ్నలు రాయకముందు వేసుకోవాల్సిన పట్టికలో ఉంటుంది. టీచర్లు దాన్ని బ్లూప్రింట్ అంటారు. అడ్డంగా ఆలోచనా స్థాయిలు, నిలువుగా పాఠాలు, ఒక్కో గడిలో మార్కులు. ‘8(1)’ అని రాసి ఉంటే ఆ పాఠం నుంచి ఆ స్థాయిలో ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటి వస్తుందని అర్థం. చూడ్డానికి తేలికే. నింపబోతేనే చిక్కు తెలుస్తుంది. ఎటు కూడినా లెక్క సరిపోవాలి, ఒక గడి మారిస్తే మరో రెండు చోట్ల లెక్క తప్పుతుంది.

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి సోషల్ పేపరునే తీసుకుందాం. వంద మార్కులు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పాఠ్యపుస్తకం ఎన్‌సీఈఆర్‌టీది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ కలిపి ఇరవై పైచిలుకు పాఠాలు. ఒక స్కూలు టీచరు ఇదే నమూనాలో ప్రీఫైనల్ పేపరు తయారుచేస్తున్నారనీ, నాలుగు విభాగాలకూ 25 మార్కుల చొప్పున ఇవ్వాలనుకుంటున్నారనీ అనుకుందాం. ఇలా సమానంగా పంచడం కొత్తేమీ కాదు. సీబీఎస్‌ఈ కూడా 80 మార్కుల పేపరులో ఒక్కో విభాగానికి 20 ఇస్తుంది.

చాలామంది బిట్లతో మొదలుపెడతారు, అవి తేలిక కనుక. అక్కడే దెబ్బతింటారు. మొదట కూర్చోబెట్టాల్సింది ఎనిమిది మార్కుల ప్రశ్నలను. ఒక్కోటి ఒక విభాగం వాటాలో దాదాపు మూడో వంతు మింగేస్తుంది. అవి ఐదు, విభాగాలు నాలుగు. కాబట్టి విభాగానికొకటి ఇచ్చి, ఐదోదాన్ని మ్యాప్ పాయింటింగ్‌కి వదిలి, అందులో నాలుగు మార్కులు భూగోళానికి, నాలుగు చరిత్రకు రాసుకుందాం. ఇప్పుడు ఆ రెండింటికీ 12 చొప్పున చేరాయి, పౌరశాస్త్రానికీ అర్థశాస్త్రానికీ ఎనిమిదేసి. తర్వాత నాలుగు మార్కుల ప్రశ్నలు విభాగానికి రెండు. రెండు మార్కులవి సమానంగా పంచితే లెక్క కుదరదు. మ్యాప్ లేని పౌరశాస్త్రానికీ అర్థశాస్త్రానికీ మూడేసి, మిగిలిన రెండింటికీ ఒక్కొక్కటి ఇస్తే ప్రతి విభాగానికీ సరిగ్గా మూడు మార్కులు మిగులుతాయి. ఆ మూడూ బిట్లు. పన్నెండు బిట్లూ అయిపోయాయి, ప్రతి విభాగమూ 25కి చేరింది.

బిట్లను చివరికి ఉంచడంలో మరో లాభం ఉంది. పెద్ద ప్రశ్నలు అందని పాఠాలను అవి తాకుతాయి. భూగోళంలో వ్యవసాయం నుంచి ఎనిమిది మార్కులది, వనరులు, నీటి వనరుల నుంచి నాలుగేసి, అడవుల నుంచి రెండు మార్కులది వచ్చిందనుకోండి. ఖనిజాలు, పరిశ్రమలు, రవాణా మూడు బిట్లలోకి వస్తాయి. గనులు, ఉక్కు కర్మాగారాలు, రేవులు మ్యాప్‌లో మళ్లీ పలకరిస్తాయి. ఏ పాఠాన్నీ వదిలేసినట్టు కాదు.

ఇంతవరకూ కూడికలు, తీసివేతలే. అసలు కష్టం ఆలోచనా స్థాయిల దగ్గర. అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఆరు స్థాయిలు చెప్పింది. బడి పేపరుకి మూడు చాలు. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, తెలిసినదాన్ని కొత్త సందర్భంలో వాడటం. మ్యాప్ నైపుణ్యం విడిగా లెక్కపెట్టుకోవచ్చు. మన టీచరు జ్ఞాపకానికి 30, అవగాహనకు 40, అన్వయానికి 22, మ్యాప్‌కి 8 అనుకున్నారు. తీరా ప్రశ్నలు సర్దితే అవగాహన 38 దగ్గర, అన్వయం 24 దగ్గర ఆగాయి. ప్రశ్నలు నాలుగూ ఎనిమిదీ ముద్దలుగా వస్తాయి కాబట్టి ఆ రెండు మార్కుల తేడాతో పేచీ అక్కర్లేదు. పేచీ పెట్టుకోవాల్సింది గడి మీద రాసిన పేరు నిజమా కాదా అన్న దగ్గర.

‘విశ్లేషించండి’, ‘పోల్చండి’ అని రాసినంత మాత్రాన ప్రశ్న పైస్థాయిది అయిపోదు. ‘అధికార భాగస్వామ్యం’ పాఠంలో బెల్జియం, శ్రీలంక కథలు పక్కపక్కనే ఉన్నాయి. 1956లో శ్రీలంక సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసింది. బెల్జియం 1970 – 1993 మధ్య రాజ్యాంగాన్ని నాలుగుసార్లు సవరించి డచ్, ఫ్రెంచ్ వర్గాలను సర్దుకుంది. ఈ పోలిక పుస్తకమే చేసి పెట్టింది. కాబట్టి ‘రెండు దేశాల విధానాలను పోల్చండి’ అన్నది ఎనిమిది మార్కుల జ్ఞాపక పరీక్షే. అదే పాఠం నుంచి పేరు లేని ఒక దేశాన్ని ఊహించి, అక్కడ పెద్ద భాషా వర్గం ఉద్యోగాలన్నీ తన భాషలోనే అని చట్టం చేసిందని చెప్పి, ఇది ఏ దేశం దారి, ఏం జరగవచ్చు, బెల్జియం నుంచి ఏమి అరువు తెచ్చుకోవచ్చు అని అడిగితే పిల్లవాడు ఆలోచించక తప్పదు.

అర్థశాస్త్రంలో ఇది మరింత సులువు. ‘ద్రవ్యం, పరపతి’ నుంచి నాలుగు మార్కుల ప్రశ్న: ఒక కౌలు రైతుకి 50,000 రూపాయలు కావాలి. బ్యాంకు పొలం కాగితాలు అడిగింది, ఆయన దగ్గర లేవు. వడ్డీ వ్యాపారి నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. బ్యాంకు ఎందుకు అడిగింది? ఏడాదికి వడ్డీ ఎంతవుతుంది? ఆయనకున్న మరో దారి ఏమిటి? మొదటిదానికి ఒక మార్కు, 18,000 అన్న లెక్కకు ఒకటి, స్వయం సహాయక బృందం లాంటి దారి చెప్పి కారణం రాస్తే రెండు. మార్కుల విభజన ప్రశ్నతోపాటే రాసిపెట్టుకోవాలి. విభజించడానికి చేయి రావడం లేదంటే ప్రశ్నలోనే స్పష్టత లేదు.

ఇంత కష్టపడి కట్టిన పట్టికను ఒక్క ‘లేదా’ కూల్చేస్తుంది. ఎనిమిది మార్కుల దగ్గర ఇంటర్నల్ చాయిస్ ఇస్తాం కదా. ఒకవైపు కౌలు రైతు లాంటి అన్వయ ప్రశ్న, ‘లేదా’ కింద ‘వినియోగదారుల హక్కులను వివరించండి’ అని పెడితే క్లాసంతా రెండోదే రాస్తుంది. అక్కడికక్కడే అన్వయం మార్కులు 24 నుంచి 16కి పడిపోతాయి, బ్లూప్రింట్ మీద మాత్రం 24 అనే ఉంటుంది. చాయిస్ రెండు వైపులా ఒకే విభాగం, వీలైతే ఒకే పాఠం, తప్పనిసరిగా ఒకే స్థాయి ఉండాలి. నా దృష్టిలో బ్లూప్రింట్‌లో ఎక్కువమంది అశ్రద్ధ చేసే నియమం ఇదే.

చివరగా సమయం. పేపరు చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాలు పోను మూడు గంటలు. బిట్‌కి ఒక నిమిషం, రెండు మార్కులకు మూడు, నాలుగుకు ఎనిమిది, ఎనిమిదికి పద్నాలుగు అనుకుంటే 170 నిమిషాలు. మిగిలేది పదే. కథనంతో వచ్చే ప్రశ్నలు చదవడానికే అదనపు సమయం పడుతుంది కాబట్టి వాటిని పొట్టి వాక్యాల్లో రాయాలి.

పట్టిక నిజం చెప్పిందో లేదో పేపర్లు దిద్దాక తెలుస్తుంది. ప్రశ్నవారీగా వచ్చిన మార్కులు ఒక కాగితం మీద వేసుకోండి. అన్వయం అని రాసుకున్న ప్రశ్నకు క్లాసులో సగం మంది ఒకే వాక్యాలతో పూర్తి మార్కులు తెచ్చుకుంటే, దాని జవాబు ఎక్కడో నోట్సులో ఉంది. బాగా చదివేవాళ్లకూ వెనకబడ్డవాళ్లకూ ఒక్కటే మార్కు వస్తే, అడిగింది ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. మొదటిదాన్ని వచ్చే ఏడు జ్ఞాపకం గడిలోకి జరపాలి. రెండోదాన్ని మళ్లీ వాడే ముందు ఏ గడిదో చూడకుండా ముందు దాని భాషను తిరగరాయాలి.