చెమట ఆరాకే శాలువా

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగి ఆఫీసు దాకా నడిచేసరికి కుర్తీ వీపుకి అతుక్కుపోతుంది. కాసేపటికే ఆ ఉద్యోగిని 21 డిగ్రీల హాల్లో, నడినెత్తిన ఏసీ గాలి కొట్టే సీట్లో కూర్చుంటుంది. అంతగా వణికించేది ఆ తడి బట్టే. చెమట ఆవిరవుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది, గాలి తగిలితే ఇంకా త్వరగా లాగేస్తుంది.

అందుకే లోపలికి రాగానే శాలువా కప్పుకోకూడదు. కప్పితే తడి లోపలే ఉండిపోతుంది. ముందు మెడా వీపూ తుడుచుకుని, సంచిలో తెచ్చుకున్న పొడి స్లిప్పు మార్చుకోవాలి. మగవాళ్లయితే బనియన్ మార్చుకుంటే చాలు. నూలు చెమటను బాగా పీలుస్తుంది కానీ ఆరడం ఆలస్యం. కాబట్టి దారిలో వేసుకునేది ఎంత పలచనైతే అంత మంచిది.

ఈ చలి అందరికీ ఒకేలా ఉండదు. భవనాల్లో చల్లదనానికి వాడే లెక్కలు 1960ల నాటివని, అవి సగటు మగవాడి ఒంట్లో పుట్టే వేడిని బట్టి వేసినవని నెదర్లాండ్స్ పరిశోధకులు 2015లో చూపించారు. కుర్చీలో కూర్చుని పనిచేసే ఆడవాళ్లలో ఆ వేడి తక్కువ. పక్క సీటాయన హాయిగా ఉన్నప్పుడు ఆమె చేతులు ముడుచుకుని కూర్చోవడం నాజూకుతనం కాదు. 2020 నుంచి మన దేశంలో కొత్త గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నా, ఆ నిబంధన పెద్ద భవనాల సెంట్రల్ ఏసీలకు వర్తించదు.

ఇక శాలువా. మంగళగిరి నూలు దుపట్టా 24 డిగ్రీలకు సరిపోతుంది, 21కి చాలదు. అక్కడ పలచటి ఉన్ని కావాలి. దాని పోగుల మధ్య గాలి నిలుస్తుంది, కాస్త చెమ్మ తగిలినా వెచ్చదనం పోదు. రెండు మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే మెడా భుజాలూ వీపూ కప్పుకోవచ్చు. కొసలు రెండూ వెనక్కి వేసుకుంటే కీబోర్డు మీద పడవు. మడత పెట్టకుండా చుట్టచుట్టి నూలు సంచిలో పెడితే హ్యాండ్‌బ్యాగ్‌లో చోటు పట్టదు, గీతలూ పడవు. చవకైన యాక్రిలిక్‌కి త్వరగా ఉండలు కడతాయి.

చెమ్మగా ఉన్న శాలువాను సంచిలో కుక్కితే వాసన పట్టేస్తుంది. ఇంటికి రాగానే నీడలో ఆరేయాలి. ఉతికేటప్పుడు చల్లటి నీళ్లు, తేలికపాటి సబ్బు వాడాలి. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టాలి. తడి ఉన్నిని తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది.

పొడి బట్టలేసుకుని, శాలువా కప్పుకున్నాక కూడా మెడ చల్లబడుతుంటే టిష్యూ కాగితాన్ని తల పక్కన పట్టుకుని చూడాలి. అది ఊగితే గాలి నేరుగా సీటు మీదే పడుతోందన్నమాట. అప్పుడు మెయింటెనెన్స్ వాళ్లను పిలిచి, పైనున్న రేకుల్ని పక్కకు తిప్పించుకోవాలి.