అడ్డంగా అచ్చయిన పట్టిక

పాత జనగణన జిల్లా పుస్తకాల్లో ఊళ్లవారీ పట్టిక వచ్చేసరికి చెయ్యి తనంతట తానే పుస్తకాన్ని కుడివైపుకు తిప్పుతుంది. ఊరి పేరు, విస్తీర్ణం, ఇళ్లు, మొత్తం జనం, మగవాళ్లు, ఆడవాళ్లు, చదువుకున్నవాళ్లు... ఇన్ని కాలమ్‌లు నిలువు పేజీ వెడల్పులో పట్టవు. అందుకని అచ్చువాళ్లు పట్టికను పక్కకు పడుకోబెట్టారు. మా తాలూకా అంకెలను ఎక్సెల్‌లోకి ఎక్కిద్దామని అలాంటి ఒక స్కాన్ పుస్తకం ముందేసుకున్నాను. మొదటి ప్రయత్నంలో వచ్చింది ఒట్టి చెత్త. అచ్చు అక్షరాలను చదివే ఓసీఆర్ ప్రోగ్రామ్ వాక్యాలు ఎడమ నుంచి కుడికి పోతాయనుకుని పేజీని వరుసలుగా కోస్తుంది. పక్కకు పడుకున్న పట్టికలో అలా కోస్తే ఒక్కో ముక్కలో వేరువేరు ఊళ్ల అంకెలు దొరుకుతాయి.

తెరమీద పేజీని తిప్పి చూశాను కదా, ఇంకేం కావాలనుకున్నాను. చాలా పీడీఎఫ్ రీడర్లలో అలా తిప్పడం మన కంటి కోసమే. ఫైలు ఉన్నట్టే ఉంటుంది. ఫైలులోనే తిప్పాలంటే qpdf అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది కూడా బొమ్మను ముట్టుకోదు, పేజీకి ‘90 డిగ్రీలు తిప్పి చూపించు’ అని ఒక గుర్తు పెడుతుందంతే. కొన్ని ప్రోగ్రామ్‌లు ఆ గుర్తును లెక్కచేయవు. కాబట్టి గుర్తు పెట్టాక ఆ పేజీని కొత్త బొమ్మగా తీయించాను. అప్పుడు పట్టిక నిజంగానే తిరిగింది.

```
qpdf --rotate=+90:57 book.pdf b.pdf
pdftoppm -r 300 -f 57 -l 57 -png -singlefile b.pdf p57
```

ఇక్కడ 57 అనేది ఫైలులో పేజీ వరుస సంఖ్య. ముందుమాట, విషయసూచిక పేజీల వల్ల పుస్తకం మీద అచ్చయిన సంఖ్య వేరేగా ఉంటుంది.

ఎటు తిప్పాలన్నది అసలు చిక్కు. ఇలాంటి పుస్తకాల్లో సాధారణంగా పట్టిక తల పేజీ ఎడమ అంచువైపు ఉంటుంది. అలాంటప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశలో 90 తిప్పితే తల పైకి వస్తుంది. స్కాన్ చేసినవాళ్లు పేజీని ముందే ఎటో తిప్పి పెట్టి ఉంటే మనం తిప్పాక పట్టిక తలకిందులు కావచ్చు. మాటలైతే వెంటనే తెలిసిపోతుంది, అంకెలు మాత్రం మోసం చేస్తాయి. 0, 1, 8 తలకిందులైనా అలాగే కనిపిస్తాయి, 6, 9 ఒకదాని రూపం ఒకటి తీసుకుంటాయి. ఒక ఊరి జనాభా 1,689 అనుకుందాం. తలకిందులుగా చదివితే అది 6,891. చూడ్డానికి ఏ అనుమానమూ రాదు! అందుకే తిప్పాక ముందు క్రమసంఖ్యల కాలమ్ చూస్తాను. అది ఎడమ అంచున ఉండి 1, 2, 3 అని పైనుంచి కిందికి దిగుతుంటే దిశ సరైనట్టే.

దిశను టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్ కూడా చెప్పగలదు. ఎంత తిప్పాలో, ఆ జవాబు మీద తనకు ఎంత నమ్మకముందో కూడా అంకెల్లో చూపిస్తుంది.

```
tesseract p57.png stdout --psm 0
```

అంకెలు తప్ప మాటలు పెద్దగా లేని పేజీలో ఆ నమ్మకం తక్కువగా వస్తుంది. అప్పుడు దాని మాట పక్కన పెట్టి నా కంటినే నమ్ముతాను.

పేజీ పైన నిలువుగానే అచ్చయిన పుస్తకం పేరు, పేజీ సంఖ్య తిప్పాక కుడి అంచుకు వెళ్లి పడుకుంటాయి. వాటిని కత్తిరించకపోతే చివరి కాలమ్‌లోకి చొరబడతాయి. ఇరుకు కాలమ్‌ల శీర్షికలు పట్టికలోనే నిలువుగా అచ్చయి ఉంటే పేజీని తిప్పినా అవి పక్కకే ఉంటాయి. అవి పదో పన్నెండో కాబట్టి చేత్తో టైపు చేయడమే తేలిక.

ఇంతా చేశాక కూడా నాకు ఒక పేజీలో ఊళ్ల అంకెలు ఒక వరుస కిందికి జారాయి. పుస్తకం స్కానర్ మీద ఒక డిగ్రీ వాలి పడింది, అంతే. కానీ పట్టిక వెడల్పు 8 అంగుళాలు. 300 డీపీఐలో అది 2,400 చుక్కలు. ఒక డిగ్రీ వాలుకు కుడి కొన దాదాపు 42 చుక్కలు జరుగుతుంది. 10 పాయింట్ల వరుస ఎత్తు కూడా సుమారుగా అంతే. అంటే ఎడమ కొసన ఈ ఊరి పేరు, కుడి కొసన పక్క ఊరి అంకె. 90 తిప్పడం ఈ చిన్న వాలును సరిచేయదు, దాన్ని విడిగా సరిదిద్దాలి. ఇప్పుడు ప్రతి వరుసలో మగవాళ్లను, ఆడవాళ్లను కలిపి మొత్తం కాలమ్‌తో పోల్చుకుంటున్నాను. జారిన పేజీలో ఎడమవైపు వరుసల లెక్కలన్నీ సరిపోయాయి. తేడా కుడివైపు కాలమ్‌ల దగ్గరే మొదలైంది. ఆ పేజీని మళ్లీ స్కాన్ చేయించాను.