ఏ బిల్లులో ఏ అంకె కనబడలేదు?

“బిల్లులు సరిగా లేవు, మళ్లీ పంపండి” అని అకౌంటెంట్ రాస్తే దుకాణదారు అదే ఫోన్‌తో, అదే మసక వెలుతురులో మళ్లీ ఫొటోలు తీస్తాడు. పని జరిగే ఉత్తరం వేరేలా ఉంటుంది. విజయవాడలోని ఒక హార్డ్‌వేర్ దుకాణానికి రాసినట్టు ఊహించుకుందాం:

“అయ్యా, నమస్కారం. మీ స్కాన్లలో రెండు బిల్లులు చదవలేకపోయాను. పెయింట్ల బిల్లులో పన్నుకు ముందు విలువ మడత కింద పోయింది. సీజీఎస్టీ 9 శాతం, రూ.1,674 అని కనబడుతోంది కాబట్టి విలువ రూ.18,600 అని లెక్కగట్టాను. సరిచూసుకోవడానికి స్కాన్ కావాలి. పైపుల బిల్లులో నంబరు చివరి అంకె 3 లేదా 8. అమ్మినవారి జీఎస్టీ నంబరులో మొదటి 37 తర్వాత అంతా మసకే. ఆ రెండు చోట్లూ స్పష్టంగా పడేలా బిల్లు మొత్తం పంపండి.”

తేడా ఇక్కడే ఉంది. సొమ్మును లెక్కతో రాబట్టవచ్చు, బిల్లు నంబరును రాబట్టలేం. ఆంధ్రప్రదేశ్ కోడ్ అయిన 37 ఒక్కటే తెలిస్తే 15 అక్షరాల జీఎస్టీ నంబరులో మిగతా పదమూడూ ఊహించలేం. అమ్మినవారు రిటర్న్ వేసి ఉంటే జీఎస్టీఆర్-2బీలో చూసుకోవచ్చు. వేయకపోతే ఆధారం ఆ కాగితమే.

థర్మల్ కాగితంపై అచ్చు వేడికి వెలిసిపోతుంది. అలాంటి బిల్లును ఎంత బాగా స్కాన్ చేసినా లాభం లేదు. అమ్మినవారి దగ్గర నకలు అడగమని ఉత్తరంలోనే రాయాలి.