'కాస్త బాగు చేసి పెట్టు' అంటే ఏం చేయాలి?

చేతిరాత కాగితం ఒకటి మన ముందు పెట్టి "ఇది కాస్త బాగు చేసి పెట్టు" అంటారు. అలా అడిగిన మనిషికి కావలసింది నాలుగింటిలో ఏదైనా కావచ్చు: తప్పులు దిద్దడం, కుదించడం, గొంతు పెంచడం, మొత్తం తిరగరాయడం. ఏది కావాలో తేల్చుకోకుండా కలం పట్టుకుంటే చేసిన పని వృథా అవుతుంది, రాసినవాళ్ల మనసూ నొచ్చుకుంటుంది.

మా వీధి పెద్దాయన ఒకరు కరెంటు ఆఫీసుకు ఇలా రాశారనుకుందాం:

"అయ్యా, మా ఇంటి బిల్లు ప్రతి నెలా ఆరేడు వందలు వచ్చేది కానీ ఈ నెల 4,860 వచ్చాయి, మేము ఇద్దరమే ఉంటాము, మా అబ్బాయి పుణేలో ఉద్యోగం, మీ వాళ్లకి రెండుసార్లు చెప్పినా పట్టించుకోలేదు, దయచేసి న్యాయం చేయగలరు."

భాష దిద్దడం అన్నిటికన్నా తేలిక. బిల్లు 'వచ్చాయి' కాదు, 'వచ్చింది' అవుతుంది. కామాలతో సాగిపోయిన ఒకే వాక్యాన్ని నాలుగు చేయాలి. ఆయన మాట ఆయనదిగానే ఉంటుంది.

కుదించేటప్పుడు ఒక్కో ముక్కనూ వేలితో మూసి చదువుతాను. అది లేకపోతే అధికారి చేయాల్సిన పనిలో తేడా వస్తుందా అని చూస్తాను. అబ్బాయి పుణేలో ఉన్న సంగతి తీసేయవచ్చు. 'ఇద్దరమే ఉంటాము' మాత్రం ఉండాలి. వాడకం తక్కువనడానికి ఉత్తరంలో ఉన్న ఆధారాల్లో అదొకటి.

గొంతు పెంచమంటే చాలామంది 'తీవ్రంగా ఖండిస్తున్నాను' లాంటి మాటలు చేరుస్తారు. వాటితో బలం రాదు. 'రెండుసార్లు చెప్పాను' అన్న చోట ఆ రెండు తేదీలు, ఫిర్యాదు నంబరు ఉంటే ఉత్తరానికి బరువు వస్తుంది. చివర్లో ఫలానా తేదీలోగా సరిచేయకపోతే విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు వెళ్తానని ఒక్క వాక్యం చాలు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థా అలాంటి వేదిక పెట్టాలి. అయితే మొదటి అర్జీలోనే ఈ మాట రాస్తే గొడవకు వచ్చినట్టుంటుంది. ముందు ఎన్నిసార్లు అడిగారో తెలియకుండా గొంతు పెంచకూడదు.

ఈ ఉత్తరంలో అసలు లోటు వేరే ఉంది. సర్వీసు నంబరు లేదు, రీడింగు లేదు, ఏం చేయమంటున్నారో లేదు. 'న్యాయం' అంటే అధికారి ఏం చేయాలి? అందుకే నేనైతే కలం తీయకముందే అడుగుతాను: "బాబాయ్, బిల్లు మీద ఉన్న రీడింగూ మీటర్లో అంకెలూ సరిచూశారా? పోయిన నెల రీడింగు తీశారా?"

ఆయన జవాబును బట్టి ఉత్తరమే మారిపోతుంది. మీటర్లో కంటే బిల్లులో అంకె ఎక్కువుంటే రీడింగు తప్పు. బిల్లు సవరించమని, మీటరు ఫొటో జతచేసి అడగాలి. రెండూ సరిపోయి, వాడకం మాత్రం నమ్మశక్యంగా లేకపోతే మీటరు పరీక్షించమనాలి. రీడింగు ఆలస్యంగా తీసి రెండు నెలల యూనిట్లు ఒకే బిల్లులో పడితే పై శ్లాబు రేటు పడుతుంది. అప్పుడు యూనిట్లను నెలలవారీగా విడగొట్టి లెక్కించమనాలి. ఇక్కడ విషయమే మారుతోంది కాబట్టి ఇది తిరగరాత. తప్పులు మాత్రం దిద్ది ఇస్తే ఉత్తరం చూడముచ్చటగా ఉంటుంది గానీ బిల్లు తగ్గదు.

అడిగిన మనిషికే తనకేం కావాలో స్పష్టంగా తెలియనప్పుడు "ఎలా కావాలి?" అంటే "మీ ఇష్టం" అంటారు. దానికి బదులు ఇది ఎవరు చదువుతారు, చదివాక ఏం చేయాలి, ఇందులో ఏది మార్చకూడదు అని అడిగితే దారి దొరుకుతుంది. అప్పటికీ తేలకపోతే మొదటి రెండు వాక్యాలను రెండు రకాలుగా రాసి చూపించాలి. ఒకటి తప్పులు మాత్రమే దిద్దినది, మరొకటి తిరగరాసినది. ఏది తమదో రాసినవాళ్లు చూడగానే చెప్పగలరు. మనిషి అందుబాటులో లేకపోతే భాష దిద్ది, మిగతా సందేహాలు అంచున పెన్సిలుతో రాసి పెట్టడం మంచిది. చేయని మార్పు తర్వాత చేసుకోవచ్చు, పోయిన మాట తిరిగి తేవడం కష్టం.

పని వరుస కూడా ముఖ్యమే. విషయం ముందు, కోత తర్వాత, ఆపైన గొంతు, చివరికి వ్యాకరణం. తీసేయబోయే వాక్యంలో తప్పులు దిద్దుతూ కూర్చుంటే కాలం దండగ. తిరగరాతకు ఒక హద్దూ ఉంది. కౌంటరు దగ్గర అధికారి "ఇదేమిటి?" అని అడిగితే సంతకం పెట్టిన మనిషి తన మాటల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మన భాష ఆయన ఉత్తరంలోకి ఎక్కువ వచ్చేసిందన్నమాట.

ఈసారి ఎవరికైనా కాగితం ఇచ్చి దిద్దమన్నప్పుడు పైన రెండు ముక్కలు రాసివ్వండి: ఇది ఫలానా వారికి, వారు చేయాల్సింది ఇది.