మాయమైన స్టోరీ అటకెక్కుతుంది

మా పిన్ని కూతురు విజయవాడలో ఇంటి నుంచే చీరలు అమ్ముతుంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీయే దాని దుకాణం. దసరా ముందు ఆర్డర్లు పెరిగి, సాయానికి ఒక అమ్మాయిని పెట్టుకుని పేజీ పాస్‌వర్డ్ ఇచ్చింది. రెండో రోజే ఆ అమ్మాయి ఫోన్ చేతిలో పట్టుకొచ్చి, "అక్కా, 2019లో ఈ మామిడిపిందెల అంచు చీర పెట్టారు కదా, మళ్ళీ తెప్పిద్దామా?" అంది.

మా చెల్లి తెల్లబోయింది. ఆ చీర ఫొటో పోస్టులో పెట్టింది కాదు, స్టోరీలో పెట్టింది. ఒక్కరోజులో పోయిందనుకున్నది ఇన్నేళ్ళ తర్వాత ఈ పిల్లకి ఎలా దొరికింది? ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, అవి చెరిగిపోవా?" అని అడిగింది.

చెరిగిపోవు. ఇరవై నాలుగు గంటలకి స్టోరీ చూసేవాళ్ళ కళ్ళ ముందు నుంచి మాత్రమే తప్పుకుంటుంది. పెట్టినవాళ్ళ ఖాతాలో ఆర్కైవ్ అనే అటక మీదికి ఎక్కి కూర్చుంటుంది. స్టోరీలు 2016 ఆగస్టులో వచ్చినప్పుడు ఈ అటక లేదు. 2017 డిసెంబరులో హైలైట్లతో పాటు దీన్నీ తెచ్చారు. మనం వద్దని చెప్పేదాకా అది పని చేస్తూనే ఉంటుంది. బయటివాళ్ళకి కనపడదు కాబట్టి ఉన్నట్టే చాలామందికి తెలియదు. కానీ పాస్‌వర్డ్ ఉన్న ప్రతి మనిషీ ఖాతా సొంతదారు కింద లెక్కే. మన ఫోన్ తెరిచి చేతికిచ్చినా అంతే.

చెల్లి చేత అటక ఎక్కించాను. ప్రొఫైల్ పేజీలో పైన కుడివైపు మూడు గీతలు నొక్కి, వచ్చిన జాబితాలో Archive నొక్కాలి. పైన Stories archive అని ఉందో లేదో చూసుకోవాలి. Posts archive అని ఉంటే ఆ పేరు మీదే నొక్కి మార్చుకోవచ్చు. అక్కడ స్టోరీలన్నీ గళ్ళుగళ్ళుగా కనిపిస్తాయి. పక్కనే క్యాలెండర్ ఒకటి, మ్యాప్ ఒకటి ఉంటాయి. క్యాలెండర్‌లో ఏ తేదీన ఏం పెట్టామో తెలుస్తుంది. లొకేషన్ స్టిక్కర్ అంటించిన స్టోరీలు మ్యాప్ మీద ఆయా ఊళ్ళ దగ్గర కనిపిస్తాయి. ఎక్కడెక్కడ తిరిగామో ఒక్క చూపులో చెప్పేస్తుంది కాబట్టి వెతుకులాట మ్యాప్ దగ్గర మొదలుపెట్టడం మంచిది.

మా చెల్లి గుండె జారింది మాత్రం గళ్ళ దగ్గరే. కొత్త కస్టమర్లకి నమ్మకం కుదరాలని అది వారానికోసారి, కొరియర్‌కి వెళ్ళే పార్సిళ్ళు వరసగా పేర్చి ఫొటో పెట్టేది. ఒక ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాం. పసుపు కవరు మీద నల్ల స్కెచ్ పెన్నుతో కొన్నావిడ పేరు, డోర్ నంబరు, వీధి, కింద ఫోన్ నంబరు. పెట్టిన రోజున ఎవరూ అంత పరకాయించి చూసి ఉండరు. అలాంటివి ఎనభైకి పైగా తేలాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటే అదీ చేయబోయింది. మూడు గీతలు నొక్కితే వచ్చే సెట్టింగుల్లో Archiving and downloading అనే చోట Save story to archive అనే మీట ఉంటుంది. దాన్ని ఆపేసి "హమ్మయ్య" అనుకుంది. ఆ మీట ఇకపై పెట్టే స్టోరీలకే. అటక మెట్లు తీసేసినంత మాత్రాన పైనున్న సామాను కిందికి దిగదు. పైగా దాన్ని ఆపాక పెట్టిన స్టోరీలు గడువు దాటితే మనకీ దొరకవు. పాత డిజైన్లు వెతుక్కునే వ్యాపారానికి అది నష్టమే. అందుకని మీట తిరిగి వేయించి, చెరపాల్సినవి మాత్రం ఏరమన్నాను.

చెరపడం ఇలా. ఆర్కైవ్‌లో ఆ స్టోరీ తెరిచి, కింద కుడి మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి Delete అనాలి. అక్కడే పంచుకునే మీటలు, Highlight మీటా ఉంటాయి. హడావుడిలో వేలు వాటి మీద పడితే దాచాల్సింది మళ్ళీ నలుగురిలోకి వెళ్తుంది. మేం ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంటూ చెరిపాం, రెండు సాయంత్రాలు పట్టింది. ఉంచుకోదగ్గ చీరల ఫొటోలని ముందే ఫోన్‌లోకి దించుకుంది.

మధ్యలో ఇంకొకటి బయటపడింది. పార్సిల్ స్టోరీల్లో కొన్నిటిని అది ప్రొఫైల్ పైన గుండ్రాల్లో హైలైట్‌గా పెట్టుకుంది. అంటే అవి అటక మీద కాదు, వీధి గుమ్మంలోనే ఉన్నాయి, పేజీకి వచ్చిన ప్రతివాళ్ళకీ కనిపిస్తూ. హైలైట్ లోంచి తీసేస్తే గుమ్మంలోంచి లోపలికి వెళ్తుందంతే, ఆర్కైవ్‌లో అలాగే ఉంటుంది. అందుకే ముందు హైలైట్ లోంచి తీసి, తర్వాత ఆర్కైవ్‌లోకి వెళ్ళి చెరిపాం.

ఇంత చేసినా పని పూర్తి కాలేదు. ఆర్కైవ్ నుంచి చెరిపిన స్టోరీ ముందు చెత్తబుట్టలోకి వెళ్తుంది. మూడు గీతల దగ్గర్నుంచి Your activity లోకి వెళ్తే Recently deleted అని ఉంటుంది, అదే ఆ బుట్ట. అందులో 30 రోజులు ఉంటుంది. అక్టోబరు 5న చెరిపితే నవంబరు 4 దాకా ఎవరైనా తిరిగి తెచ్చుకోవచ్చు. ఆర్కైవ్‌లో లేని స్టోరీని చెరిపితే మాత్రం ఆ గడువు 24 గంటలే. అన్నాళ్ళు ఆగలేమనుకుంటే బుట్టలో స్టోరీ తెరిచి మళ్ళీ Delete అనాలి. ఆ సమయంలో ఖాతా మీదేనా అని ఫోన్‌కో మెయిల్‌కో కోడ్ పంపవచ్చు. కాబట్టి రిజిస్టరైన నంబరు చేతిలో ఉన్నప్పుడే ఈ పనికి కూర్చోవాలి. మా చెల్లి పేజీకి పాత నంబరు ఇచ్చి ఉండటంతో ముందు దాన్ని మార్చుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా చెరిగిందో లేదో తేల్చుకోవడానికి మూడు చోట్లు చూస్తే చాలు. ఆర్కైవ్ క్యాలెండర్‌లో ఆ తేదీ, ప్రొఫైల్‌లో హైలైట్, ఆ బుట్ట. మూడింటిలోనూ లేకపోతే ఖాతాలో మనకి కనిపించే చోట ఎక్కడా లేనట్టే.

ఖాతా బయటి సంగతి వేరు. స్టోరీ పెట్టిన రోజున ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకుని ఉంటే దాన్ని మనం ముట్టుకోలేం. మన ఫోన్ గ్యాలరీ కూడా విడిగా చూసుకోవాలి. స్టోరీలని ఫోన్‌లో దాచే మీట ఇంకొకటి ఉంది, అది వేసి ఉంటే ఇన్‌స్టాగ్రామ్‌లో చెరిపిన ఫొటో గ్యాలరీలో భద్రంగా ఉంటుంది. మా చెల్లి ఫోన్‌లో ఆ మీట వేసే ఉంది. ఎనభై పార్సిళ్ళూ గ్యాలరీలో, అక్కణ్ణుంచి ఆన్‌లైన్ బ్యాకప్‌లో, మళ్ళీ వరసగా కనిపించాయి. మూడో సాయంత్రం వాటికి పోయింది.

పార్సిల్ స్టోరీలు ఇప్పటికీ పెడుతోంది. నిన్న చూశాను, పసుపు కవర్లన్నీ బోర్లా పడుకుని ఉన్నాయి.