మిత్రుడి నాన్నగారి షష్టిపూర్తికి ఏం రాయాలి?

షష్టిపూర్తి అంటే అరవై తెలుగు సంవత్సరాల చక్రం ఒకసారి పూర్తిగా తిరగడం. విశ్వావసు నామ సంవత్సరంలో, అంటే 1965 ఉగాది తర్వాత పుట్టినవారికి 2025 ఉగాదికి మళ్లీ అదే పేరున్న ఏడాది వచ్చింది. ఆ రోజు దంపతులు మళ్లీ పెళ్లిపీటల మీద కూర్చుంటారు, మాంగల్యధారణ కూడా ఉంటుంది. అందుకే శుభాకాంక్షలు ఆయన ఒక్కరికే రాస్తే వెలితిగా ఉంటుంది, పిన్నిగారినీ కలపాలి.

చిన్నవాళ్లు పెద్దవాళ్లను దీవించరు. ‘శతమానం భవతి’ పురోహితుడి నోట బాగుంటుంది, కొడుకు స్నేహితుడు రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. మనం నమస్కరించి కోరుకోవాలి. ‘అరవైలో ఇరవై’ లాంటి అరిగిపోయిన మాటలకన్నా ఆ ఇంట్లో మీరు చూసినదొకటి మేలు:

“బాబాయిగారూ, పరీక్షల రాత్రుళ్లు మీవాడితో పాటు నాకూ టీ పెట్టి, లెక్క తప్పితే ఇద్దరినీ సమానంగా తిట్టారు. మీ ఇద్దరి సహస్ర చంద్ర దర్శనానికీ వడ్డించేది నేనే. మీకూ పిన్నిగారికీ నమస్కారాలు.”

సహస్ర చంద్ర దర్శనం ఎనభై దాటాక చేసే వేడుక. కోరిక అలా ముందుకు చూడాలి. ఇక ఫ్లెక్సీ మీద వేయించేటప్పుడు తిట్ల సంగతి తీసేయండి, బంధువులుంటారు!