తొమ్మిదిమంది ఇంటికి ఆరోగ్య బీమా: పట్టిక ఎలా గీయాలి?

ఆరోగ్య బీమా తీసుకుందామని అనుకున్న ఇంట్లో ముందు జరిగే పని ఒకటే. నాలుగు కంపెనీల పేర్లు పక్కపక్కన రాసుకుని, ఏడాదికి ఎంత కట్టాలి, ఎన్ని లక్షలు వస్తాయి అని చూస్తారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఆ పట్టిక కొంతవరకు సరిపోతుంది. అమ్మానాన్నలు, అన్నదమ్ములు, తోడికోడళ్లు, పిల్లలు కలిసి ఉండే ఇంటికి మాత్రం సరిపోదు. అక్కడ పట్టికలో ముందు రాయాల్సింది కంపెనీల పేర్లు కాదు, ఇంట్లో మనుషుల పేర్లు. ప్రతి పేరు పక్కన వయసు, ఇప్పటికే ఉన్న జబ్బు, రెండు మూడేళ్లలో రాబోయే అవసరం రాసుకున్నాకే కంపెనీల దగ్గరికి వెళ్లాలి.

తెనాలిలో ఒక ఇంటిని ఊహించుకుందాం. నాన్నకు 68 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగరు. అమ్మకు 63, మోకీళ్ల నొప్పులకు డాక్టరు రాసిన మాత్రలు వాడుతోంది. పెద్దకొడుకుకు 41, అతని భార్యకు 38, పిల్లలకు 14, 10. చిన్నకొడుకుకు 34, భార్యకు 29, పాపకు మూడేళ్లు. చిన్నకోడలు రెండో బిడ్డ కావాలనుకుంటోంది. మొత్తం తొమ్మిదిమంది.

వీళ్లందరికీ ఒకే పాలసీ దొరుకుతుందా అన్నది మొదటి ప్రశ్న. ఇంటిపేరు ఒకటే, వంట ఒకటే అయినా బీమా లెక్కలో కుటుంబం అంటే వేరు. ఉదాహరణకు అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో కుటుంబం అంటే పాలసీదారు, జీవిత భాగస్వామి, ఇద్దరి తల్లిదండ్రులు, ఆధారపడిన పిల్లలు. అందులో తమ్ముడు లేడు, మరదలు లేదు. అన్నదమ్ములను కూడా చేర్చుకునే పాలసీలు కొన్ని ఉన్నాయి కానీ, ఎవరెవరిని చేరుస్తారో పాలసీ కాగితంలో చుట్టరికాల జాబితా చూశాకే నమ్మాలి. ఏజెంటు 'అందరూ వస్తారండీ' అంటే ఆ జాబితా చూపించమని అడగండి.

కాబట్టి మన ఇంటికి రెండు దారులు మిగిలాయి. ఒకటి, పెద్దకొడుకు తన ఫ్లోటర్ పాలసీలో భార్యాపిల్లలతోపాటు అమ్మానాన్నలనూ చేర్చుకోవడం, తమ్ముడు వేరే ఫ్లోటర్ తీసుకోవడం. ఫ్లోటర్ అంటే ఒకే మొత్తాన్ని అందులో ఉన్నవాళ్లంతా పంచుకునే పాలసీ. రెండోది, అమ్మకూ నాన్నకూ విడివిడిగా పాలసీలు తీసుకుని, అన్నదమ్ములు ఎవరి ఫ్లోటర్ వాళ్లు పెట్టుకోవడం.

చాలా కంపెనీలు ఫ్లోటర్ ప్రీమియాన్ని అందులో ఉన్న పెద్ద వయసు మనిషిని బట్టి నిర్ణయిస్తాయి. కలిసి ఉండే ఇళ్లు దెబ్బతినేది ఇక్కడే. నాన్నను చేర్చిన క్షణం నుంచి పదేళ్ల పాప ఉన్న పాలసీకి కూడా 68 ఏళ్ల వయసు వచ్చేస్తుంది. ఇక్కడ వేస్తున్న అంకెలు ఏ కంపెనీవీ కావు, లెక్క తెలియడానికి అనుకున్నవి. పెద్దకొడుకు ఆరుగురికి 10 లక్షల ఫ్లోటర్ తీసుకుంటే 78,000 రూపాయలు, తమ్ముడి ముగ్గురికి 10 లక్షలకు 17,000. మొత్తం 95,000 కడితే ఇంటికి ఉన్న రక్షణ 20 లక్షలు. విడిగా తీసుకుంటే నాన్నకు 5 లక్షలకు 34,000, అమ్మకు 5 లక్షలకు 25,000, పెద్దకొడుకు నలుగురికి 10 లక్షలకు 21,000, తమ్ముడికి అదే 17,000. మొత్తం 97,000, రక్షణ 30 లక్షలు. రెండు వేల తేడాతో పది లక్షలు ఎక్కువ. నాన్న గుండె ఆపరేషన్‌కు అయిదు లక్షలు అయినా మనవల పాలసీలోంచి రూపాయి తగ్గదు. పెద్దవాళ్లను పిల్లల ఫ్లోటర్‌లో కలపకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మీకు కంపెనీలు ఇచ్చే అంకెలు వేరుగా ఉంటాయి. కానీ ఈ రెండు దారులకూ కొటేషన్ తెప్పించుకోకుండా సంతకం పెట్టకండి.

ప్రీమియం గురించి మరో రెండు మాటలు. వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. కాబట్టి పాత రసీదుతో కొత్త కొటేషన్‌ను పోల్చేటప్పుడు ఆ పన్ను తీసేసి చూడాలి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియంపై ఏటా 50,000 దాకా మినహాయింపు ఉంది. అన్న నాన్నది, తమ్ముడు అమ్మది తమ తమ ఖాతాల నుంచి కడితే ఎవరు కట్టినది వారు చూపించుకోవచ్చు. నగదుగా కడితే మాత్రం ఈ మినహాయింపు రాదు.

ఇక వెయిటింగ్ పీరియడ్. దీన్ని పట్టికలో 'మూడేళ్లు' అని రాయకండి, తేదీ రాయండి. మన ఇంటి పాలసీలు 2026 జులై 1న మొదలవుతాయనుకుందాం. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప ఏ జబ్బుకూ డబ్బు రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, మొలలు, రాళ్లు, గర్భసంచి తొలగింపు వంటి ఒక జాబితాకు చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి, అంటే 2028 జులై 1. పాలసీకి ముందు నుంచే ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్లు. ఇది ఇంతకుముందు నాలుగేళ్లు ఉండేది. ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్‌లో తగ్గించింది. నాన్న షుగరుకు ఆ తేదీ 2029 జులై 1. షుగరు వల్ల నేరుగా వచ్చే చిక్కులకూ అదే తేదీ వర్తిస్తుంది కాబట్టి, పాదం పుండుతో ఆసుపత్రిలో చేరినా ఆలోగా క్లెయిమ్ నిలవదు.

అమ్మ విషయంలో ఒక మెలిక ఉంది. మోకీలు మార్పిడి జాబితాలో ఉండే ఆపరేషన్. జాబితా గడువు రెండేళ్లే ఉన్న పాలసీ అయినా, ఆమె ఇప్పటికే ఆ నొప్పికి వైద్యం తీసుకుంటోంది కాబట్టి అది ముందునుంచి ఉన్న జబ్బు కూడా. రెండు గడువులూ తగిలినప్పుడు ఎక్కువది లెక్కలోకి వస్తుంది. అంటే ఆమెకూ 2029. ఈ సంగతి తెలియక 2028లో ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకుంటే మొత్తం ఖర్చు చేతి నుంచే పెట్టుకోవాలి. చిన్నకోడలి ప్రసూతికి గడువు పాలసీని బట్టి తొమ్మిది నెలల నుంచి మూడేళ్ల వరకూ మారుతుంది, కొన్నింటిలో ఆ సౌకర్యమే ఉండదు. తక్కువ గడువు కోసం ప్రీమియం కొంత ఎక్కువ కట్టినా న్యాయమే అనిపించే చోటు ఇదొక్కటే.

షుగరు సంగతి ప్రపోజల్ ఫారంలో రాయొద్దని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. దాచిన జబ్బు బయటపడితే అయిదేళ్ల లోపు క్లెయిమ్ తిరస్కరించవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. అయిదేళ్లు నిండాక దాచారన్న కారణంతో తిరస్కరించడానికి వీల్లేదు కానీ, మోసం అని రుజువైతే ఆ రక్షణ కూడా ఉండదు. నిజం రాస్తే మూడేళ్ల నిరీక్షణ. దాస్తే అయిదేళ్ల భయం.

మినహాయింపుల గడి చూసి చాలామంది కళ్లు తిప్పేసుకుంటారు. నిజానికి ఇది సులువే. సాధారణ మినహాయింపులకు అన్ని కంపెనీల పాలసీల్లోనూ 1 నుంచి 18 దాకా ఒకే వరుస సంఖ్యలు ఉంటాయి. 1, 2, 3 పైన చెప్పిన వెయిటింగ్ పీరియడ్లు. 15వది కళ్లద్దాలు తీసేయడానికి చేసే ఆపరేషన్, 7.5 డయాప్టర్ల లోపు చూపు దోషానికి ఇవ్వరు. 17వది సంతానం కోసం చేసే చికిత్స, 18వది ప్రసూతి. ఇంట్లో ఎవరికి ఏ సంఖ్య తగులుతుందో వారి పేరు పక్కన రాసుకుంటే చాలు.

అసలు నష్టం మినహాయింపు అన్న శీర్షిక కింద ఉండదు. గది అద్దె పరిమితి, కో-పే అనే రెండు షరతుల్లో దాగి ఉంటుంది. నాన్న పాలసీలో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 5,000, కో-పే 20 శాతం అనుకుందాం. పరిమితుల్లేని పాలసీ కన్నా ఇది చవక. వెయిటింగ్ ముగిశాక ఆయన నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, 8,000 రూపాయల గది తీసుకున్నారు. బిల్లు 3 లక్షలు: గదికి 32,000, డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్‌కు 1,20,000, మందులు, పరీక్షలు, స్టెంట్ వంటివాటికి 1,48,000.

గదికి 20,000 ఇస్తారు. అక్కడితో ఆగరు. గది తీసుకోవాల్సిన దానికంటే ఖరీదైనది కాబట్టి డాక్టర్ల ఖర్చులోనూ ఎనిమిదింట అయిదు వంతులే, అంటే 75,000 లెక్కిస్తారు. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాలకు ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది కాబట్టి 1,48,000 పూర్తిగా వస్తుంది. మొత్తం 2,43,000. అందులో 20 శాతం కో-పే 48,600 తీసేస్తే చేతికి వచ్చేది 1,94,400. ఇంటి నుంచి పోయేది 1,05,600. గది తేడా రోజుకు మూడు వేలే కదా అనుకున్నవాళ్లకు డిశ్చార్జ్ రోజున ఈ అంకె కనిపిస్తుంది. ఆసుపత్రిలో చేరే ముందే 5,000 లోపు గది అడిగి ఉంటే డాక్టర్ల ఖర్చులో కోత పడేది కాదు.

ఇవన్నీ కలిపితే మన ఇంటి పట్టిక ఇలా ఉంటుంది.

| ఎవరికి | ప్రీమియం | కవర్ | ఎదురుచూడాల్సిన తేదీ | రానిది, కోత పడేది |
|---|---|---|---|---|
| నాన్న | 34,000 | 5 లక్షలు | షుగరు: 2029 జులై 1 | గది 5,000, కో-పే 20% |
| అమ్మ | 25,000 | 5 లక్షలు | మోకీళ్లు: 2029 జులై 1 | గది 5,000, కో-పే 20% |
| పెద్దకొడుకు, భార్య, ఇద్దరు పిల్లలు | 21,000 | 10 లక్షలు | హెర్నియా, రాళ్ల వంటివి: 2028 జులై 1 | కళ్లద్దాల ఆపరేషన్ |
| చిన్నకొడుకు, భార్య, పాప | 17,000 | 10 లక్షలు | ప్రసూతి: 2028 జులై 1 | సంతాన చికిత్స |

ఈ పట్టికను ఏటా రెన్యువల్‌కు రెండు నెలల ముందు బయటికి తీయాలి. కంపెనీ మారాలనుకుంటే గడువుకు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. అప్పటివరకు గడిచిన వెయిటింగ్ కొత్త కంపెనీలోనూ లెక్కలోకి వస్తుంది, అయితే పాత కవర్ మొత్తం మేరకే. అయిదు లక్షలను పదికి పెంచితే పెరిగిన అయిదు లక్షలకు తేదీలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. నాన్నకు 70 నిండాక ఇంకో గడి చేర్చాలి. ఆదాయంతో పని లేకుండా 70 దాటినవారికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. సొంత పాలసీ ఉన్నవారూ తీసుకోవచ్చు.

పాలసీతోపాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని రెండు మూడు పేజీల కాగితం ఇస్తారు. మీరు అడిగితే దాన్ని తెలుగులో ఇవ్వాలి. అడగండి. పాలసీ అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు నచ్చలేదని వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది. ఆ నెల గడవకముందే ఒక రాత్రి అందరూ కూర్చుని, ఆ కాగితాన్ని మీ పట్టికతో గడి గడికీ సరిచూసుకోండి.